బీచ్ ఫొటోలో ముఖానికి టచింగ్ చేశారా? ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి

ప్రశ్న: మా చెల్లికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఫొటో వాట్సాప్‌లో పంపారు. ఆర్కే బీచ్‌లో తీసింది. వెనక సముద్రం, పక్కన ఒక లైటు స్తంభం ఉన్నాయి. ముఖం మరీ నున్నగా, ఏదో తేడాగా అనిపిస్తోంది. ఎడిట్ చేశారో లేదో మనమే చూసి చెప్పగలమా? యాప్ ఏదైనా ఉందా?

చాలావరకు చెప్పగలరండీ, యాప్ అక్కర్లేదు. ముందు ఆ లైటు స్తంభం చూడండి. ముఖానికి దగ్గరగా వచ్చేచోట అది ముఖం వైపు కొద్దిగానైనా వంగి ఉంటే, చెంపనో దవడనో లోపలికి నొక్కారన్నమాట. తర్వాత చెంప మీది చర్మాన్ని మెడతో, చొక్కా కాలర్‌తో పోల్చండి. ఆఖరున గడ్డం, జుట్టు అంచులు చూడండి. ఈ మూడింట్లో రెండు ఒకేచోట కలిస్తే టచింగ్ జరిగిందని ధైర్యంగా అనుకోవచ్చు. ఒక్కటే కనబడితే మాత్రం తొందరపడకండి. దానికి వేరే కారణాలు బోలెడు ఉంటాయి, అవి కింద చెప్తాను.

నేను విశాఖలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేస్తున్నాను. పెళ్లి ఆల్బమ్‌లు, బయోడేటా ఫొటోలు, పాత ఫొటోలు బాగుచేయడం. అంటే మీరు పట్టుకోవాలనుకుంటున్న పనిని చేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నాకు పని నేర్పిన మాస్టారు జగదాంబ దగ్గర ఒక స్టూడియోలో నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు. ముఖం మీద ముడత నల్లగా ఉంటుంది కాబట్టి నెగటివ్‌లో అది పలచగా, తెల్లగా ఉంటుంది. ఆ పలచటి గీత మీద సన్నగా పెన్సిల్ పూస్తే ప్రింటులో ముడత తేలికపడుతుంది. కాబట్టి ఫొటో పుట్టిన దగ్గర్నుంచీ టచింగ్ ఉంది, ఫోన్లతో వచ్చిన జబ్బేం కాదు. తేడా ఏంటంటే, ఆయన ముడతను తేలిక చేయగలిగేవారు గానీ దవడను జరపలేకపోయేవారు. ఇప్పుడు జరపొచ్చు. జరిపినప్పుడే పక్కన ఉన్నవి కూడా జరుగుతాయి. దొరికిపోయేది అక్కడే.

ముందు గీతలు

ముఖం సన్నం చేసే పనిముట్టును ఫొటోషాప్‌లో లిక్విఫై అంటారు. ఫోన్ యాప్‌లలో 'స్లిమ్ ఫేస్' లాంటి పేర్లు ఉంటాయి గానీ లోపల జరిగేది దాదాపు ఒకటే. గుండ్రటి బ్రష్‌ను చెంప అంచు మీద పెట్టి లోపలికి తోస్తారు. బ్రష్ మధ్యలో తోపు ఎక్కువ, అంచులకు పోయేకొద్దీ తగ్గి సున్నా అవుతుంది. చపాతీ పిండిని బొటనవేలితో ఒకవైపు నెట్టినట్టు. చెంప ఒక్కటే కదలదు, ఆ వృత్తంలో పడ్డ ఆకాశం, సముద్రం, స్తంభం అన్నీ చెంపతోపాటు ముఖం వైపు లాగబడతాయి. అందుకే స్తంభం పైనా కిందా నిటారుగానే ఉండి, చెంప ఎత్తులో మాత్రం విల్లులా కాస్త లోపలికి వంగుతుంది. ఇంకొక గుర్తు కూడా ఉంది. స్తంభంలో ముఖానికి దగ్గరగా ఉన్న అంచు ఎక్కువ లాగబడుతుంది, దూరంగా ఉన్న అంచు తక్కువ. దానివల్ల వంగినచోట స్తంభం కాస్త లావుగా కూడా కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బీచ్ ఫొటో అనగానే సముద్రం గీత చూస్తారు. నీళ్లూ ఆకాశం కలిసే ఆ గీత తిన్నగా ఉంది కాబట్టి ఫొటో అసలుదే అనేస్తారు. అది సరిపోదు. చెంపను అడ్డంగా లోపలికి తోస్తే, అడ్డంగానే ఉన్న గీత తన మీద తానే జరుగుతుంది తప్ప వంగదు. తాడును దాని పొడవునే లాగితే వంకర రాదు కదా. అడ్డంగా తోసినదాన్ని నిలువు గీతలు పట్టిస్తాయి: స్తంభం, బిల్డింగు మూల, కొబ్బరిచెట్టు మాను. దవడను కిందినుంచి పైకి ఎత్తితే దాన్ని అడ్డగీతలు పట్టిస్తాయి: సముద్రం గీత, రెయిలింగు, లంగరేసి ఆగి ఉన్న ఓడ పొడవు. మన బీచ్‌లో పోర్టులోకి వెళ్లడానికి వేచి ఉన్న ఓడలు తరచుగా ఫొటోల్లో పడుతుంటాయి. ఒకసారి ఒక ఫొటోలో ఓడ ముక్కు అమ్మాయి దవడ దగ్గరికొచ్చేసరికి పైకి లేచి ఉంది. ఓడ అలా లేవాలంటే అది తుఫాన్లో ఉండాలి, అలలు చూస్తే మోకాలెత్తు కూడా లేవు.

వంకర చాలా చిన్నగా ఉంటుంది, మామూలుగా చూస్తే కంటికి ఆనదు. దానికి వడ్రంగి పద్ధతి ఉంది. చెక్క అంచు తిన్నగా ఉందో లేదో చూడటానికి వడ్రంగి ఒక కన్ను మూసి, చెక్కను కంటికి దగ్గరగా పెట్టుకుని పొడవునా చూస్తాడు కదా. ఫోన్‌ను కూడా అలాగే పట్టుకోండి. ఫొటోను స్తంభం వరకూ జూమ్ చేసి, ఫోన్‌ను బాగా వాల్చి, స్తంభం కింది చివరి నుంచి పై చివరికి చూపు పోనివ్వండి. పొడవు కుదించుకుపోయి వంకర ఒక్కసారిగా పెద్దదై కనిపిస్తుంది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే గ్యాలరీలో క్రాప్ నొక్కితే గళ్లు వస్తాయి. ఫొటోను కొద్దిగా తిప్పి ఒక గడి గీతను స్తంభం మీదకు తెచ్చుకోండి. మొత్తం కలిసి, ఒక్కచోట మాత్రం తప్పుకుంటే అదే మీకు కావలసిన చోటు.

లెన్స్ కూడా గీతల్ని వంచుతుంది, అది వేరు. వెడల్పు లెన్స్‌తో తీస్తే ఫొటో అంచుల్లో ఉన్న గీతలు బయటికి ఉబ్బుతాయి. అది గీత పొడవునా ఒకే వంపు, రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, ఫొటో మధ్యకు వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. చేత్తో వంచింది అలా ఉండదు. ఒక జానెడు మేర మాత్రమే గుంట, అదీ సరిగ్గా ముఖం పక్కనే. లెన్స్‌కు ముఖం ఎక్కడుందో తెలియదు కదా.

స్తంభాలూ రెయిలింగులూ లేని ఫొటోల్లో మనిషి వేసుకున్నవే గీతలు అవుతాయి. గళ్ల చొక్కా కాలర్, చీర జరీ అంచు, కళ్లజోడు ఫ్రేము, జుంకాలు, మాటీ గొలుసులు. ఈ మాటీ గొలుసుల విషయంలో నేనే దొరికిపోయాను. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లికూతురి ఫొటోలో చెంప కాస్త నొక్కాను, నాకు బాగానే అనిపించింది. ఆల్బమ్ తీసుకోవడానికి వచ్చిన ముసలమ్మగారు పేజీ తిప్పి, "ఏటి బాబూ, మాటీ ఇలా వంకర పోయింది? మా ఇంట్లో దిగినప్పుడు బాగానే ఉంది కదా" అన్నారు. అప్పటిదాకా నేను చెంప తప్ప మాటీ చూడలేదు. ఆవిడ చెంప చూడలేదు, తను చేయించిన బంగారం చూసుకున్నారు. ఆ పేజీ మళ్లీ నా డబ్బుతోనే ప్రింటు వేయించాను.

ముఖాన్నే చూసి చెప్పడం మాత్రం చాలా కష్టం, ఇది నా ఒక్కడి మాట కాదు. 2019లో అడోబీ కంపెనీవాళ్లూ, అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ వాళ్లూ కలిసి ముఖాన్ని లిక్విఫై చేసిన ఫొటోల మీద ఒక పరీక్ష పెట్టారు. అసలు ఫొటో, మార్చిన ఫొటో చూపించి ఏది మార్చిందో చెప్పమంటే, మనుషులు సరిగ్గా చెప్పింది 53 శాతం. అంటే బొమ్మా బొరుసూ వేసినదానికంటే ఇంచు ఎక్కువ. వాళ్లు తయారుచేసిన ప్రోగ్రామ్ 99 శాతం వరకూ పట్టుకుంది, కానీ అది ఫొటోషాప్‌లోని ఆ ఒక్క పనిముట్టును పట్టుకోవడానికే నేర్పించింది. కాబట్టి 'ముఖం తేడాగా ఉంది' అన్న మీ అనుమానాన్ని నమ్మొద్దు, తోసెయ్యొద్దు. దాన్ని పట్టుకుని ముఖం పక్కకు వెళ్లండి.

చర్మం, దాని పొరుగు

నున్నగా ఉంది అన్నారు. నున్నదనం ఒక్కటే ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. వాట్సాప్ ఫొటోను చిన్నది చేసి, నొక్కి పంపుతుంది. చర్మంలోని సన్నటి రంధ్రాలు మొట్టమొదట పోయేది అందులోనే. చీకట్లో తీసిన ఫొటోల్లో ఫోనే మచ్చలు తుడిచేసి వాటర్ కలర్ బొమ్మలా చేస్తుంది. ముందు కెమెరాలో చాలా ఫోన్లకు బ్యూటీ మోడ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందని వాడేవాళ్లకే తెలియదు. అప్పుడు ఎవరూ ఏమీ ఎడిట్ చేయలేదు, కానీ ముఖం మైనంలా ఉంటుంది.

అందుకే ఎప్పుడూ పోల్చి చూడాలి. వాట్సాప్ అయినా చీకటి అయినా ఫొటో మొత్తాన్ని ఒకేలా పాడుచేస్తాయి. చెంప నున్నగా ఉంటే మెడ కూడా నున్నగా ఉండాలి, కాలర్ బట్టలోని నేత కూడా చెదిరిపోయి ఉండాలి. కనుబొమ్మ వెంట్రుకలు విడివిడిగా కనబడుతూ, వాటికి అంగుళం కింద చెంప మీద ఒక్క రంధ్రం కూడా లేకపోతే అది ముఖాన్ని మాత్రమే తుడిచిన పని. యాప్‌లు ముఖం ఆకారాన్ని గుర్తుపట్టి, కళ్లు, కనుబొమ్మలు, పెదాలు వదిలేసి మిగతాది తుడుస్తాయి. చెవులూ మెడా చాలాసార్లు వాటి లెక్కలోకి రావు. దాంతో దవడ కింద ఒక హద్దు ఏర్పడుతుంది. పైన పింగాణీ, కింద మనిషి.

పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. పోర్ట్రెయిట్ మోడ్‌లో గానీ పెద్ద లెన్స్‌తో గానీ తీస్తే, ఫోకస్ కంటి మీద ఉండి చెవి వెనక్కి పోయి మసకగా రావచ్చు. అది టచింగ్ కాదు. కాబట్టి కెమెరాకు ఒకే దూరంలో ఉన్నవే పోల్చండి. కనురెప్పతో చెంప, చెంపతో ముక్కు, దవడతో కాలర్ ముందు భాగం.

చేయి తిరిగినవాళ్లు ఇలా తుడిచేయరు. రంగూ నీడా ఒక పొరగా, రంధ్రాలూ గీతలూ ఇంకో పొరగా విడదీసి, కింది పొర మాత్రమే నున్న చేస్తారు. అప్పుడు రంధ్రాలు అలాగే ఉంటాయి, మచ్చలూ నీడలూ మాత్రం పోతాయి. దీన్ని పట్టుకోవడం కష్టం, అయినా రెండు చోట్ల జారుతుంది. ముక్కు పక్కనుంచి నోటి మూలకు వచ్చే మడత ముప్ఫై దాటిన ప్రతి మనిషికీ ఎంతోకొంత ఉంటుంది, నవ్వితే అందరికీ ఉంటుంది. పళ్లు కనబడేలా నవ్వుతున్న ముఖంలో ఆ మడత నీడ లేకపోతే ఎవరో తీసేశారు. రెండోది కళ్ల కింద. అక్కడి చర్మం సన్నం, గీతలు అడ్డంగా సన్నగా ఉంటాయి. నల్ల చారలు తీయడానికి చెంప మీది చర్మాన్ని అక్కడికి అతికిస్తారు. అలా చేస్తే కంటి కిందే చెంపలాంటి గుండ్రటి రంధ్రాలు కనిపిస్తాయి. చొక్కా జేబుకు ప్యాంటు గుడ్డతో మాసిక వేసినట్టు ఉంటుంది.

తెల్లగా చేయడం గురించి రెండు మాటలు. ముఖం తెల్లగా, మెడా చేతులూ చామనచాయగా ఉంటే చాలామంది వెంటనే ఎడిటింగ్ అంటారు. మేకప్ వేసినా అంతే కదా. తేడా జుట్టు మొదళ్ల దగ్గర తెలుస్తుంది. పౌడరు చర్మం మీదే ఆగుతుంది, వెంట్రుకను తెల్లగా చేయదు. సాఫ్ట్‌వేర్‌తో తెల్లబరిస్తే ఆ తెలుపు నుదుటి పక్క వెంట్రుకల మీదికీ, కాలర్ అంచు మీదికీ పాకి, అక్కడ నలుపు బూడిద రంగులోకి దిగుతుంది.

నాకు వచ్చిన ఒక ఫొటో, మొదటి నుంచి

మీ ప్రశ్న చదవగానే ఇది గుర్తొచ్చింది. మాకు తెలిసిన ఒక కుటుంబం వాళ్లు ఒక పెళ్లికొడుకు ఫొటో పంపారు. అదీ బీచ్ ఫొటోనే. సముద్రం గీత సరిగ్గా అతని గడ్డం ఎత్తులో ఉంది, ఎడమ చెంపకు బెత్తెడు దూరంలో లైటు స్తంభం ఉంది. నీలం గీతల చొక్కా, ట్రిమ్ చేసిన గడ్డం. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో, వెడల్పు సుమారు 1200 చుక్కలు.

కంప్యూటర్‌లో రెండింతలు పెద్దది చేసి ముందు స్తంభం మీద నిలువు గీత గీశాను. పైనా కిందా కలిసింది. చెవి తమ్మె నుంచి దవడ వరకు స్తంభం ఆరు చుక్కల మేర ముఖం వైపు వచ్చింది. 1200లో 6 అంటే ఏమీ లేనట్టే, ఫోన్‌లో చూస్తే ఎవరికీ కనబడదు. అయితే దాని ఆకారం సరిగ్గా బ్రష్ తోపులా ఉంది, మధ్యలో ఎక్కువ, రెండు చివరలా తగ్గిపోతూ. తర్వాత సముద్రం గీత. స్తంభానికి అవతల తిన్నగా ఉంది. దవడను ఆనుకునే చోట మూడు చుక్కలు పైకి లేచింది. అంటే అడ్డంగా నొక్కడమే కాదు, దవడ మూలను కాస్త పైకి కూడా ఎత్తారు. కుడివైపు గీతలో వంకర ఏమీ లేదు. యాప్‌లో స్లయిడర్ జరిపితే సాధారణంగా రెండు పక్కలా వంగుతుంది. ఒక్క పక్కే వంగిందంటే ఎవరో చేత్తో చేసిన పని అనుకున్నాను.

తర్వాత చర్మం. చొక్కా గీతలు, మెడ మీది సన్నటి గరుకుదనం ఉన్నాయి, ఎడమ చెంప మాత్రం ఖాళీ. గడ్డం దగ్గర ఇంకా స్పష్టంగా ఉంది. ట్రిమ్ చేసిన గడ్డం పై అంచులో వెంట్రుకలు ఒకటొకటిగా పలచబడుతూ చెంపలో కలవాలి. ఇక్కడ కుడి చెంప మీద అలాగే ఉంది. ఎడమవైపు ఆ వెంట్రుకలన్నీ కలిసిపోయి బొగ్గు పొడి చేత్తో రాసినట్టు బూడిదరంగు మరక అయ్యాయి. మచ్చ తుడిచేటప్పుడు బ్రష్ గడ్డం మీదికి పోతే ఇలాగే అవుతుంది. నాకూ ఎన్నోసార్లు అయింది.

మూడోది జుట్టు. తల చుట్టూ సన్నటి తెల్లటి వెలుగు గీత ఉంది. మనిషిని కత్తిరించి వేరే బ్యాక్‌గ్రౌండ్ మీద అతికిస్తే, పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు జుట్టు అంచుల్లో ఇలా మిగిలిపోతుంది. దాంతో నేను, "ముఖం టచింగ్ చేశారు, బ్యాక్‌గ్రౌండ్ కూడా మార్చినట్టుంది" అని చెప్పేశాను.

ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. వాళ్లు మర్యాదగా అడిగితే అబ్బాయే తన ఫోన్‌లోంచి అసలు ఫొటో పంపాడు. అందులో స్తంభం నిటారుగా ఉంది, సముద్రం గీత తిన్నగా ఉంది. ఎడమ దవడ కాస్త వెడల్పు. చెంప మీద చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు మూడు. జుట్టు చుట్టూ ఆ తెల్ల గీత మాత్రం అసలు ఫొటోలోనూ అలాగే ఉంది! వెలుగు ఆకాశం ముందు నల్లటి తల ఉంటే, ఫోన్ అంచులకు పదును పెట్టేటప్పుడు చుట్టూ తెల్లటి గీత తానే వేస్తుంది. అదే గీత స్తంభం చుట్టూ కూడా ఉంది, నేను చూడలేదు. చూసుంటే అప్పుడే తెలిసేది. అతికించిన అంచు అతికించినదానికే ఉంటుంది, ఫోన్ వేసే గీత ఆకాశాన్ని ఆనుకున్న ప్రతి నల్లటి వస్తువుకూ ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ టచింగ్ అబ్బాయికి తెలియదు. బయోడేటా తయారుచేసిన స్టూడియో వాళ్లు అడగకుండానే చేశారు, అడిగితే "అందరికీ ఇలాగే చేస్తామండీ" అన్నారట. ఫొటో మారిందని గీతలు చెప్తాయి, ఎవరు మార్చారో ఎందుకు మార్చారో చెప్పవు. (సంబంధం ఏమైందని అడుగుతారేమో. కుదరలేదు. జాతకాలు కలవలేదట.)

యాప్ సంగతి

ఇంటర్నెట్లో 'ఎర్రర్ లెవెల్ అనాలిసిస్' పేరుతో ఫొటో పెడితే నల్లటి బొమ్మ మీద మెరుపులు చూపించే సైట్లు ఉన్నాయి. ఫొటోను మళ్లీ ఒకసారి నొక్కి, ఎక్కడ ఎంత మారిందో చూపిస్తాయి అవి. తేడా ఏమీ చేయకపోయినా కళ్లు, జుట్టు, చొక్కా గీతల్లాంటి ఎక్కువ వివరం ఉన్న చోట్లు అందులో సహజంగానే మెరుస్తాయి. పైగా వాట్సాప్‌లో ఒకసారి నొక్కుడు పడ్డాక పాత జాడలు చాలావరకు చెరిగిపోతాయి. వాటిని చూసి గొడవలు పడ్డవాళ్లు నాకు తెలుసు. మీరు వద్దు.

ఫైల్ లోపలి సమాచారం కొంత నయం, కానీ వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినదానిలో అది ఉండదు, పంపేటప్పుడే పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది. కంప్యూటర్ అలవాటుంటే exiftool అనే ప్రోగ్రామ్ వేసుకుని ఇలా చూడొచ్చు:

```
exiftool -Make -Model -Software -ModifyDate photo.jpg
```

Software దగ్గర Adobe Photoshop అని ఉంటే ఫొటో అందులోంచి బయటికి వచ్చిందని తెలుస్తుంది. ఏం చేశారో తెలియదు, వెలుతురు పెంచి సేవ్ చేసినా అదే రాస్తుంది. కొన్ని ఫోన్లు అక్కడ తమ సిస్టమ్ వెర్షన్ నంబరు రాస్తాయి. అర్థంకాని అక్షరాలు చూసి కంగారు పడకండి. ఏమీ లేకపోతే మాత్రం, ఎడిట్ చేయలేదని కాదు అర్థం.

ఒకటి నిజాయితీగా చెప్పాలి. నేనే ఒక గంట కూర్చుని జాగ్రత్తగా చేస్తే, పైన చెప్పినవేవీ దొరకవు. మనిషిని వేరే పొరలోకి తీసి, దవడ జరిపి, వెనక స్తంభాన్ని మళ్లీ నిటారుగా గీసి, ఆఖరున ఫొటో మొత్తం మీద ఒకేరకం గరుకు చల్లితే గీతలూ చర్మమూ రెండూ నోరు మూసుకుంటాయి. బయోడేటా ఫొటోకు అంత పని ఎవరూ చేయరు, చేయించుకునేవాళ్లు అంత డబ్బూ ఇవ్వరు. అందుకే దొరుకుతాయి. గుర్తులు దొరికితే మార్చారని అర్థం. దొరకకపోతే మార్చలేదని హామీ ఏమీ లేదు.

మీరు చేయాల్సింది ఇంతే. ఆ ఫొటోను ఇక్కడ పెట్టకండి, అది ఇంకొకరి పిల్లవాడి ముఖం. ఇంట్లోనే ఫోన్ వాల్చి స్తంభం చూడండి, తర్వాత కనుబొమ్మనూ చెంపనూ పక్కపక్కన జూమ్ చేసి చూడండి. అనుమానం మిగిలితే, "ప్రింటు వేయించుకోవాలి, కాస్త పెద్ద ఫైలు డాక్యుమెంట్‌గా పంపుతారా" అని అడగండి, ఎవరికీ నొప్పి కలగదు. అదే రోజు తీసిన ఇంకో రెండు ఫొటోలు కూడా అడిగితే ఇంకా మంచిది. ఒకటి సరిచేసినవాళ్లు మిగతావాటిని చాలాసార్లు అలాగే వదిలేస్తారు. స్తంభం వంగి ఉంటే ఏ వైపుకు, ముఖంలో ఏ భాగం ఎత్తులో వంగిందో రాయండి. ఏం చేసి ఉంటారో నేను చెప్తాను.